మాలలో తీసిన కొలత

ఆ సోమవారం పదకొండు గంటలకు కామారెడ్డిలోని మా షాపులో ఉన్న మనుషులు ముగ్గురు: మా బాపు, ఆయన కొడుకునైన నేను, బిచ్కుంద నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా మా దగ్గరే కుడుతున్న కారీగరు. ఉన్న వస్తువులు: కుట్టు మిషన్లు రెండు, ఓవర్‌లాక్ మిషన్ ఒకటి, ఇస్త్రీ పెట్టె, కొలతల పుస్తకం, కత్తెర, బల్ల మీద పరిచిన బూడిద రంగు ప్యాంటు గుడ్డ, దాని మీద సగం వరకు గీసిన సుద్ద గీత, పెళ్లిళ్ల కోసం వచ్చి కోతకు ఎదురుచూస్తున్న పద్దెనిమిది ప్యాంటు గుడ్డలు. వీటి మధ్యలో నా ఫోను. ఫోనులో ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్.

గిరాకుల మెసేజ్‌లు అందరూ వినేలా పెట్టడం నాకు అలవాటు. ఆ రోజు కూడా అలాగే పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

"ఏం కుట్టిండ్రయ్యా ఇవి? నాలుగు జతలిస్తే నాలుగుకు నాలుగు కరాబ్ చేసిండ్రు. ప్యాంటు గుండీ పడ్తలేదు. అంగీ కడుపు కాడ గుంజుతున్నది. బూటేసుకుంటే ప్యాంటు మడిమె మీదికి పోతున్నది. ఆదివారం నాకు సన్మానం ఉన్నది, ఏం కట్టుకొని పోవాలె? కండ్లు కనవడనోని చేతిల కత్తెర వెడితే గిట్లనే అయితది. కొత్త బట్ట మీరే తెచ్చి, నాలుగు జతలు మల్ల కుట్టియ్యాలె. లేకుంటే గ్రూపుల పెడ్త, సూసుకోండ్రి."

బాపు చేతిలో సుద్ద ఉంది. దాన్ని డబ్బాలో వేసి మూత పెట్టాడు. సగం గీసిన గీత సగంలోనే ఉండిపోయింది.

మాట్లాడినది ఎవరో చెప్పాలి. ఎల్లారెడ్డి దగ్గరి ఒక ఊరికి ఉప సర్పంచ్. నివాసం ఎల్లారెడ్డిలోనే, ఊరు ఆయనకు పదవి కోసం మాత్రమే పనికొస్తుంది. డిసెంబరులో ఎన్నికయ్యాడు. తెల్ల లినెన్ చొక్కా, తెల్ల లినెన్ ప్యాంటు మా జిల్లాలో పదవికి గుర్తు. నేను గమనించినంత వరకు పదవి ఎంత చిన్నదైతే తెలుపు అంత తెల్లగా ఉంటుంది. ఈయన తెలుపును ఎండలో నేరుగా చూడలేం.

ఆయన మాటల్లో బాపును తాకింది బట్టల సంగతి కాదు. కిందటి దసరా తర్వాత బాపు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి ఇంకా కావాలి. నెలన్నర కత్తెర ముట్టలేదు. నేను హైదరాబాద్ పొలిమేరలో ఒక విడిభాగాల ఫ్యాక్టరీలో నాణ్యత తనిఖీ చేసేవాణ్ని. ఆపరేషన్ కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయాను. ఫోను, కొలతల పుస్తకం నావి. కోత నాకు రాదు, కారీగరుకూ రాదు. మా షాపులో కోసేది బాపు ఒక్కడే. ఆయన కోయకపోతే రెండు మిషన్లకూ పని ఉండదు. బజారులో అప్పటికే ఇద్దరు ముగ్గురు "పెద్దాయనకు సూపు ఆనుతలేదట గదా" అని నన్నే అడిగారు. ఇప్పుడు ఆ మాట బాపే నమ్మితే షాపు మూసేయడమే.

కొలత తీసుకున్న రోజు నాకు బాగా గుర్తుంది. పుస్తకం పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

డిసెంబరు. ఉప సర్పంచ్ అయ్యప్ప మాలలో ఉన్నాడు. మెడలో మాల, నడుముకు నల్ల లుంగీ, కాళ్లకు చెప్పులు లేవు, రోజుకు ఒక పూట కూడా సరిగా తినని మనిషిలా బుగ్గలు లోపలికి పోయి ఉన్నాయి. వెనక మరో నల్ల లుంగీ మనిషి, ఆయన అనుచరుడు. మాలలో ఉన్నవాళ్లను అందరూ స్వామీ అనాలి, వాళ్లూ అందరినీ స్వామీ అనాలి. అందువల్ల ఆ పావుగంట మా షాపులో ప్రతి ఒక్కరూ స్వామే. ఆ మర్యాదకు గడువు నలభై ఒక్క రోజులని నాకు అప్పుడు తట్టలేదు.

"నాలుగు జతలు స్వామీ. తెల్ల లినెన్. మాల తీసినంక ఇగ మనకు అన్నీ తెల్లయే," అన్నాడు.

"మాల తీసినంకనే ఒకసారి రాండ్రి స్వామీ. కొలత అప్పుడు తీసుకుంటే మంచిగుంటది," అన్నాడు బాపు.

"అప్పుడు నాకు టైమెక్కడిది స్వామీ? సన్మానాలు, దావత్‌లు. గిప్పుడే తీసుకోండ్రి."

అద్దంలో పక్కకు తిరిగి తన కడుపు చూసుకున్నాడు. చాలాసేపు చూసుకున్నాడు. ఆ కడుపుతో ఆయనకు అప్పుడే కొత్త స్నేహం కుదిరినట్టుంది.

"స్లిమ్ ఫిట్ పెట్టుండ్రి స్వామీ. ఒంటికి పట్టినట్టుండాలె."

"జర లూజు ఉంచుకుంటే..."

"లూజు ముసలోల్లకు స్వామీ."

"బూట్లేసుకుంటరా?"

"చెప్పులే ఇడిసిన స్వామీ, బూట్ల ముచ్చటేంది?"

అనుచరుడు ఆ మాటకు గోడ పట్టుకుని నవ్వాడు. బాపు టేపు చుట్టి చదివాడు: నడుము ముప్పై ఆరు. నేను రాశాను. పేజీ మూలలో "మా" అని రాయమన్నాడు, రాశాను. ఎందుకని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. జనవరి మొదట్లో బట్టలు తయారైతే అనుచరుడు వచ్చి తీసుకుపోయాడు. మాలలో ఉన్న మనిషి తెల్ల ప్యాంటు వేసి చూసుకోడు కాబట్టి సరిపోయాయో లేదో చూసిన వాళ్లు లేరు. మాల జనవరి మధ్యలో తీశాడు. ప్యాంటు మొదటిసారి వేసుకున్నది ఫిబ్రవరిలో. మధ్యలో దాదాపు నెల, ఆ నెలలో ఎన్ని దావత్‌లో ఆయనకూ మేకలకూ తెలియాలి.

సోమవారం మధ్యాహ్నం నేను జవాబు రాశాను. ఏడు అంశాలు, వరుస సంఖ్యలతో. ఒకటి: కొలత మాలలో తీసినది. రెండు: మాల తర్వాత రమ్మని మేం చెప్పాం, మీరు వద్దన్నారు. మూడు: స్లిమ్ ఫిట్ మీరు కోరినదే. నాలుగు: బూట్ల గురించి అడిగాం, మీ జవాబు ఇది. ఐదు: గుడ్డ పెరగదు, పెరిగేది మరొకటి. ఆరో అంశం ఆయన పదవి గురించి. ఏడోది ఆయన గొంతు గురించి. చదివి వినిపించాను. ఐదో అంశం దగ్గర కారీగరు మిషన్ ఆపి చప్పట్లు కొట్టాడు.

"గిది పంపు తమ్ముడూ. సోమవారం పంపితే మంగళవారానికి మనం మస్తు ఫేమస్ అయితం. బుధవారం నేను బిచ్కుంద బస్సెక్కుత," అన్నాడు.

బాపు నవ్వలేదు.

"గిరాకి లావైండని రాయొద్దు. ఎప్పటికీ రాయొద్దు. గా మాట వాని పెండ్లాం చెప్తది, వాని బట్ట చెప్తది. దర్జీ చెప్పొద్దు," అన్నాడు.

"మరి మన తప్పని ఒప్పుకుందామా?"

"నాది తప్పో కాదో నాకే తెల్వది. తెల్వంది ఎట్ల రాస్తం? నేను చెప్త, నువ్వు రాయి. మంచి తెలుగుల రాయి."

ఆయన చెప్పాడు, నేను రాశాను. పంపినది ఇది:

"అన్నా, నమస్తే. సన్మానానికి ముందు మీకు ఈ ఇబ్బంది కలగడం మాకూ బాధగా ఉంది. నాలుగు ప్యాంట్లూ విప్పి నడుము, పొడవు సరిచేసి ఇస్తాం. దానికి ఏమీ తీసుకోం. నడుము రెండున్నర అంగుళాలు, పొడవు అంగుళంన్నర వరకు పెరుగుతుంది. అంతకు మించితే గుడ్డ లేదు. పొడవు పెంచిన చోట పాత మడత గీత కొంచెం కనిపిస్తుంది, ఉతికిన కొద్దీ తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేం. చొక్కాల పక్క కుట్టులో వదిలిన గుడ్డ ఉండదు కాబట్టి వాటిని పెద్దవి చేయలేం. ఆదివారం కోసం ఒక చొక్కాకు గుడ్డ మీరు ఇస్తే కుట్టుకూలి లేకుండా కుట్టిస్తాం. కొత్త గుడ్డ మేము కొనివ్వలేం. కొలత ఒంటి మీదే తీయాలి, ఫొటో చూసి తీయలేం. మీకు రావడం వీలుకాకపోతే ఈ ఒక్కసారికి మా అబ్బాయి బుధవారం మీ ఇంటికి వచ్చి కొలత తీసుకుని బట్టలు తెస్తాడు. తయారైనవి శనివారం షాపుకు వచ్చి తీసుకోవాలి. మా పని గురించి మీకు ఏమనిపిస్తే అది అనడం మీ ఇష్టం. కొలత మళ్లీ తీశాక అంటే మాకూ తెలుస్తుంది."

పంపాక లెక్కపెట్టాను. ఇస్తామన్నవి మూడు. ఇవ్వలేమన్నవి ఐదు. అయినా చదివితే ఇచ్చినవే ఎక్కువ అనిపిస్తుంది. నా ఏడు అంశాల్లో ఇచ్చింది ఒక్కటీ లేదు.

ఒక అనుమానం మిగిలింది. ప్యాంటు నడుము వెనక కుట్టులో బాపు అటూ ఇటూ ఒక్కో అంగుళం వదులుతాడు. కుట్టుకు పావు చొప్పున పోతే విప్పగలిగేది అంగుళంన్నర. రెండున్నర ఎక్కడిది?

"మూలకు 'మా' అని రాయలె? మాలల ఉన్నోనికి అంగుళంన్నర చొప్పున ఇడుస్త. కింద మడతల ఒక అంగుళం ఎక్కువ వెడ్త. ముప్పై ఏండ్ల సంది గిదే పని. మాల తీసినంక ఎవ్వడు గట్లనే ఉండడు."

"ఆయనకు ముందే చెప్పొచ్చు కదా?"

"ఉపాసమున్నోనికి నువ్వు రేపు లావైతవని చెప్తరా?"

అయితే చొక్కాలో ఆ ఉపాయం చెల్లదు. చొక్కా పక్కల్ని మడత కుట్టు కుడతారు, లోపల దాచే చోటు ఉండదు. మామూలుగా కుడితే ఛాతీకి, నడుముకు నాలుగైదు అంగుళాలు వదులుగా ఉంటుంది, కొంచెం ఒళ్లు వచ్చినా అదే సర్దుకుంటుంది. స్లిమ్ ఫిట్ అంటే ఆ వదులును మనమే చేతులారా తీసేయడం. ఉప సర్పంచ్ తీయించుకున్నాడు.

సాయంత్రానికి జవాబు వచ్చింది. "ఎవన్ని పంపుతరో పంపుండ్రి. సూస్త." అంతే.

మంగళవారం బాపు షాపుకు వచ్చాడు, కుర్చీలో కూర్చున్నాడు, గుండీలు రంగుల వారీగా వేరు చేశాడు. గుండీలు అప్పటికే వేరు చేసి ఉన్నాయి. కారీగరు మధ్యాహ్నానికి ముందే చేతిలో ఉన్న పని ముగించి, రెండో మిషన్‌కు నూనె వేసి, మొదటి మిషన్‌కు నూనె వేసి, "పెద్దన్నా, కోసిన ముక్క ఉంటే ఇయ్యరాదే," అన్నాడు. బాపు, "రేపు సూద్దాం," అన్నాడు. పద్దెనిమిది గుడ్డలు అలాగే ఉన్నాయి. సాయంత్రానికి ఇరవై ఒకటయ్యాయి.

నాకు తెలిసిన పని పరీక్ష. బాపు చాయకు బయటికి వెళ్లినప్పుడు ఆయన టేపును స్టీలు స్కేలు పక్కన పెట్టి చూశాను. వాడగా వాడగా టేపులు సాగుతాయి, ఇది సాగలేదు. అరవై అంగుళాలకు తేడా గీత మందం కూడా లేదు. తర్వాత చదవడం. ఏదో ఒక సాకు చెప్పి కారీగరు ఛాతీ, భుజం, చెయ్యి, నడుము బాపుతో కొలిపించి, ఆయన లేనప్పుడు నేను కొలిచి, రెండూ పక్కపక్కన రాశాను. పది కొలతలు. ఎనిమిదింటిలో తేడా లేదు, రెండిటిలో పావు అంగుళం. ఆ రెండిట్లో తప్పు నాదే కావచ్చు.

"మీ తండ్రీకొడుకులు కొలిచి కొలిచి నేనే సన్నగైన," అని కారీగరు గట్టిగా అన్నాడు. బాపు నా చేతిలోని కాగితం చూశాడు.

"నాకు పరీక్ష వెడ్తున్నవా?"

"టేపు కరెక్టుంది. నువ్వు చదివేదీ కరెక్టుంది. పదిట్లో ఎనిమిది అచ్చంగా, రెండిట్లో పావే తేడా. చూడు."

ఆయన కాగితం తీసుకోలేదు.

"గిది ఇయ్యాల్టి ముచ్చట బిడ్డా. గా దినం ముచ్చట నాకు కావాలె. గప్పుడు నేను కత్తెర వట్టి మూడు దినాలే. కన్ను నీల్లు కారుతుండె. ముప్పై ఎనిమిదిని ముప్పై ఆరని చదివిన్నేమో. ఎవలు చెప్పాలె?"

పుస్తకంలో ఉన్నది నా రాత, ఆయన చదివిన అంకె. రెండు నెలల కిందటి ఒక నడుమును ఇప్పుడు ఎవరూ కొలవలేరు. నాలుగేళ్లు కొలతలతోనే బతికిన నాకు అది ముందే తట్టాల్సింది.

బుధవారం ఎల్లారెడ్డి బస్సెక్కే ముందు బాపు ఒక్క మాట చెప్పాడు. "అంకె నువ్వు చదవకు. టేపు నువ్వు చుట్టు, సదివేది ఆల్లింటోల్లతోని సదివియ్యి." టేపు ఇచ్చాడు. నేను స్టీలు స్కేలు, కొలతల పుస్తకం కూడా సంచిలో వేసుకున్నాను. తాడ్వాయి దాటే దాకా ఆయనకు ఏమేం చెప్పాలో మనసులో వరుస పెట్టాను. లింగంపేట వచ్చేసరికి పదకొండు అంశాలయ్యాయి. ఏదీ చెప్పకూడదని తెలుసు, అయినా వరుస పెట్టాను.

ఎల్లారెడ్డిలో ఆ ఇంటి ముందు గదిలో ఒక సోఫా ఉంది, దాని మీద ప్లాస్టిక్ కవరు తీయలేదు. గోడకు ఎన్నికయ్యాక దిగిన ఫొటో, నల్ల లుంగీలో. సోఫాలో ఉప సర్పంచ్, పక్కన నిలబడి అనుచరుడు. అనుచరుడూ మాల తీశాడు, తెలుపులోకి వచ్చాడు, ఆయనకు ఏ పదవీ లేదు. లోపలి గుమ్మం దగ్గర ఉప సర్పంచ్ భార్య, చేతిలో చాట.

"నీవేనా దర్జీ కొడుకువు?" అన్నాడు. స్వామీ అనే మాట ఎక్కడికో వెళ్లిపోయింది.

"అవునన్నా. కొలత తీసుకుంటా, నిలబడండి."

"మీ నాయన రాలే?"

"షాపుల ఉన్నడన్నా."

"వస్తే మాత్రం ఏం సూస్తడు తీయ్," అన్నాడు అనుచరుడు.

నేను టేపు తీశాను. ఆయన నిలబడి ఊపిరి బిగబట్టాడు. అందరూ బిగబడతారు. ఊపిరి వదిలే దాకా ఆగమని బాపు ఎప్పుడో చెప్పి ఉన్నాడు, ఆగాను. ఆయన మొహం ఎర్రబడింది. అనుచరుడు కూడా సాయంగా ఊపిరి బిగబట్టినట్టున్నాడు. చివరికి వదిలాడు. టేపు చుట్టి, వేలు లోపల పెట్టకుండా, చివరలు కలిపి పట్టుకున్నాను.

"అక్కా, జర మీరు చదువుండ్రి."

ఆమె చాట కింద పెట్టి వచ్చింది. వంగి చూసింది. తన భర్త వైపు ఒకసారి చూసింది.

"ముప్పై ఎనిమిదిన్నర."

"టేపు సాగింది," అన్నాడు ఆయన.

"సాగితే అంకె తక్కువ పడ్తదన్నా, ఎక్కువ పడది," అన్నాను. స్కేలు తీసి టేపు పక్కన పెట్టి చూపించాను. ఆయన స్కేలు వైపు చూడలేదు, అనుచరుడి వైపు చూశాడు. అనుచరుడు గోడ మీది ఫొటో వైపు చూశాడు.

"అయితే మీ నాయన గప్పుడు తప్పు తీసిండు. నేను గప్పుడు గూడ గింతే ఉన్న."

దీన్ని అబద్ధమనడానికి కూడా లేదు. ఆయన దాన్ని నమ్ముతున్నాడు. పదవి వచ్చిన మనిషి ఒంట్లో పదవి తప్ప మరేదీ పెరగదని ఆయన అభిప్రాయం.

"గప్పుడు గూడ గింతేనా?" అంది ఆమె. "మాల తీసిన దినం సంది నీకు ఇంట్ల కూర ఆగిందా? ఒక్క దినం దావత్ లేదన్నవా? గీనకైతే నిజం తెల్వది," అని అనుచరుణ్ని చూపించి, "నాకు తెల్వదా? మొన్న నీ మొలతాడు ఎందుకు తెగింది?"

"అది పాతదైంది."

"పాతదా? మాలేసుకున్న రెండు వారాలకు నేనే గట్టిన గద! కొత్త దారం. తానం చేసి వస్తె పాతది జారుతున్నదంటే కొత్తది గట్టిన. మొన్న బోర్ల వంగితే పటుక్కున తెగింది."

ఆమె మామూలుగా చెప్పిన మాట అది. నేను మాత్రం టేపు చుట్టడం ఆపాను.

"అక్కా, తెగిన దారం పారేసిండ్రా?"

"ఎందుకు పారేస్త? దానికి తాయెత్తు ఉండె. కొత్తదానికి ఎక్కియ్యాలె."

అద్దం పక్కన మేకుకు ఉంది. నల్ల దారం, మధ్యలో రాగి తాయెత్తు. ముడి ముడిగానే ఉంది, తెగింది మరో చోట. ముడి విప్పకుండా దారాన్ని బల్ల మీద తిన్నగా పరిచి, స్కేలు పెట్టి, తెగిన చివర నుంచి తెగిన చివర దాకా కొలిచాను. ముప్పై ఆరుంపావు. మళ్లీ కొలిచాను. ముప్పై ఆరుంపావు. మూడోసారి ఆమెతో చదివించాను. అదే.

మా ఫ్యాక్టరీలో దీన్ని కొలత అనరు. దారం సాగుతుంది, మొలతాడు కొంచెం వదులుగానే కడతారు, కట్టిన చెయ్యి ఎంత లాగిందో తెలియదు. ఇన్ని లోపాలున్నాయని తెలిసీ నేను పుస్తకంలో రాసుకున్నాను: దారం, ముప్పై ఆరుంపావు, కట్టింది మాల వేసిన రెండు వారాలకు, కట్టింది భార్య.

"గా దారంతోని ప్యాంటు కుడ్తవా?" అన్నాడు ఉప సర్పంచ్.

"కాదన్నా, పాత కొలత సరిచూసుకున్న. ఇప్పుడు మీకు పొడుగు తీస్త. బూట్లేసుకోండి."

బూట్లు తెచ్చింది అనుచరుడు. తొడిగింది కూడా అనుచరుడే. పొడవు రాసుకుని నేను లేచాను. ఉప సర్పంచ్, "సరే సరే, ప్యాంట్లు మంచిగ జెయ్యమను. అంగీ గుడ్డ గిదో," అని ఒక పొట్లం సోఫా మీద పడేశాడు. వాయిస్ మెసేజ్ గురించి మాట లేదు. నేను బస్సులో ఉండగా నా ఫోనులోంచి కూడా పోయేలా దాన్ని తీసేశాడు. షాపులో వినాల్సినవాళ్లం రెండు రోజుల కిందటే విన్నాం. తీసేయడం తనలాంటి వాడు చేయగలిగిన గొప్ప పని అని ఆయన అనుకుని ఉంటాడు. దానికి మించి ఆయన నుంచి ఏమీ రాలేదు, నేను ఎదురుచూడనూ లేదు.

మిగతాది తొందరగా చెప్తాను. శనివారం షాపుకు ఆయన రాలేదు, అనుచరుడు వచ్చి పట్టుకుపోయాడు. నాలుగు ప్యాంట్లు, నడుము రెండున్నర, పొడవు అంగుళంన్నర పెంచినవి. కొత్త చొక్కా ఒకటి, స్లిమ్ ఫిట్ కానిది. పాత చొక్కాలు నాలుగూ చేసేదేమీ లేదని చెప్పి అలాగే ఇచ్చేశాం. రెండు రోజులకు సన్మానం ఫొటో ఎవరో పంపారు. శాలువా నిండా కప్పుకుని ఉన్నాడు. ప్యాంటు గీత కనపడిందో లేదో తెలియలేదు, ఫొటో నడుము వరకే తీశారు. కొత్త చొక్కా బాగుందని గానీ, ప్యాంట్లు సరిపోయాయని గానీ ఆయన చెప్పలేదు. వేరే గిరాకి అయితే నేను అడిగేవాణ్ని.

ఇక వెనక్కి, ఆ బుధవారానికి. ఎల్లారెడ్డి నుంచి మూడున్నరకు నేను షాపులోకి వచ్చేసరికి బాపు అదే కుర్చీలో ఉన్నాడు. కారీగరు కూడా పని లేక తన చొక్కాకే కాజాలు కుట్టుకుంటున్నాడు.

"ఎంతొచ్చింది?"

"ముప్పై ఎనిమిదిన్నర. ఆమే చదివింది."

"గది ఇయ్యాల్టిది."

"గప్పటిది కూడా ఉంది," అని పుస్తకం తెరిచి దారం సంగతి చెప్పాను. ఎలా కొలిచానో, ఎన్నిసార్లు కొలిచానో, ముడి దగ్గర ఎంత పోయి ఉంటుందో, దారం సాగితే ఎంత తేడా వస్తుందో. అనుమానాలన్నీ నేనే చెప్పాను. దాచితే ఆయన నమ్మడు.

దారం సాగడం గురించి ఆయన వినలేదు. ఒక్కటే అడిగాడు.

"ఎవలు గట్టిండ్రు?"

"ఆయన భార్య."

"ఎప్పుడు?"

"మాలేసిన రెండు వారాలకు. మన దగ్గరికి రాకముందు."

"ముడి ఉండెనా?"

"ఉండె."

"ఇగ ఢోకా లేదు," అన్నాడు కారీగరు. "మొలతాడు అబద్ధం చెప్పదు పెద్దన్నా. మొగోడు చెప్తడు, మొలతాడు చెప్పది."

బాపు నా వైపు చూడలేదు. పుస్తకంలో డిసెంబరు పేజీ తీసి తాను చదివిన అంకెను వేలితో తాకాడు, నేను రాసిన కొత్త అంకెను తాకాడు. పావు అంగుళం తేడా. పుస్తకం మూసి బల్ల దగ్గరికి వచ్చాడు. సోమవారం సగంలో ఆగిన గీతను అరచేత్తో తుడిచి, మళ్లీ మొదటి నుంచి గీశాడు. టేపు నాకు చూపించలేదు. సరిచూడమని అడగలేదు. ఆ బూడిద రంగు ప్యాంటు కోసి కారీగరుకు ఇచ్చాక చాయ తెప్పించాడు. గురువారం పొద్దున ఎనిమిదింటికే షాపు తెరిచాడు.

గురువారం బాపు కోసినవి: ప్యాంట్లు పన్నెండు.